కొన్నవాళ్ళ చాట్లు చదివాక మా పోస్టులు మారాయి

ఒడిశాలోని బరంపురంలో మాది పట్టుచీరల దుకాణం. ఇన్‌స్టాలో ఫోటోలకు లైకులు వచ్చేవి, బేరాలు పెరగలేదు. కొంటున్నది ఎవరో మా వాట్సాప్‌లోనే వెతికాను.

ముందు డబ్బు కట్టినవాళ్ళ చాట్లే తీశాను. ధర అడిగి వెళ్ళిపోయినవాళ్ళవి విడిగా పెట్టాను, రెండూ కలిపితే ఏదీ తేలదు. ఒక్కో చాట్ నుంచి మూడే రాసుకున్నాను: మొదట అడిగిన మాట ఉన్నదున్నట్టు, చీర ఎవరికి, డబ్బు కట్టేముందు దేని దగ్గర ఆగారు.

"వదినగారికి పెట్టాలండీ, కొంగు విప్పి వీడియో పంపుతారా? అంచు మీద కుంభాలు కనబడాలి." ఇలాంటి మాటలే ఎక్కువ. ఒకే ఆవిడ ఎన్నిసార్లు అడిగినా ఒకటిగానే లెక్కపెట్టాను. లేకపోతే గట్టిగా అడిగేవాళ్ళ కోరికే అందరిదీ అనిపిస్తుంది.

చివరికి తేలిన మనిషి ఇది: ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు తెలుగు గృహిణి. పెళ్ళికి పెట్టుడు చీరలు కొంటుంది. ఫోటోలో రంగును నమ్మదు. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక మెసేజ్ పెడుతుంది. వయసు, చదువు రాయలేదు, చాట్లలో అవి లేవు కాబట్టి.

ఇప్పుడు పగటి వెలుగులో కొంగు విప్పిన చిన్న వీడియో తీసి, తెలుగులో ధర రాసి, రాత్రి తొమ్మిది దాటాక పెడుతున్నాం. "రెండోది మాకు పక్కన పెట్టండి" అనే మెసేజ్‌లు పెరిగాయి.

ఒడియా కుటుంబాలు ఎక్కువగా నేరుగా దుకాణానికే వస్తాయి, వాళ్ళకు ఈ అంచనా సరిపోదు. వాళ్ళ ప్రశ్నలు రాయడానికి కౌంటర్ దగ్గర విడిగా నోటుబుక్ పెట్టాను.