సంపు మోటరు వేయగానే జనరేటర్ ట్రిప్ అవుతోందా? సైజు లెక్క ఇలా చూసుకోండి

సమస్య

కరెంటు పోయింది. జనరేటర్ మీద ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ బాగానే నడుస్తున్నాయి. సంపులోంచి పైట్యాంకుకు నీళ్లు ఎక్కిద్దామని మోటరు స్విచ్ వేస్తే మాత్రం లైట్లు మసకబారతాయి, ఇంజను గొంతు బొంగురుపోతుంది, మోటరు తిరక్కుండా గుయ్యిమంటుంది. రెండు మూడు సెకన్లలో జనరేటర్ బ్రేకర్ పడిపోతుంది.

పోయిన ఎండాకాలం వనస్థలిపురంలో ఒక ఇంట్లో ఇదే చూశాను. "అన్నా, మూడు కేవీఏ తెచ్చినం. అన్నీ కలిపితే రెండు వేల వాట్లు గూడ లేవు. మరి మోటరెందుకు లేస్తలేదు?" అని అడిగాడు ఆ ఇంటాయన. ఆయన కూడికలో తప్పు లేదు. కాకపోతే కూడినవన్నీ నడిచేటప్పటి వాట్లు.

ముందు ఒక పరీక్ష

అదే మోటరును మామూలు కరెంటు మీద వేసి చూడండి. టక్కున లేస్తే లోపం జనరేటర్ సైజులోనే ఉంది. కరెంటు మీద కూడా గుయ్యిమని, కాసేపు ఆగి లేస్తుంటే మోటరు కెపాసిటర్ దిగిపోయి ఉండొచ్చు, లేదా బేరింగ్ పట్టేసి ఉండొచ్చు. అప్పుడు ఎంత పెద్ద జనరేటర్ తెచ్చినా డబ్బు దండగే. ఆ ఇంట్లో మోటరు కరెంటు మీద ఒక్క సెకన్లో లేచింది.

కారణం

ఆగి ఉన్న మోటరు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. క్లాంప్ మీటర్ పెడితే ముల్లు ఒక్కసారి ఎగిరి దిగుతుంది. వీధి లైను దాన్ని లెక్కచేయదు, చిన్న జనరేటర్ తట్టుకోలేదు. ఇళ్లలోని పంపు మోటర్లకు స్టార్టింగ్ వాట్లు నడిచే వాట్లకు మూడు రెట్లని వేసుకుంటే లెక్క మోసం చేయదు.

ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు కదా అని అదే వేసుకోకండి. అది మోటరు ఇచ్చే శక్తి. లోపలి నష్టాలు కూడా కలిపి అది లాగేది దాదాపు 1100 వాట్లు. కాబట్టి లేచేటప్పుడు 3300.

లెక్క

ఆ ఇంట్లో నాలుగు ఫ్యాన్లు 300, లైట్లు 120, ఫ్రిజ్ 150, టీవీ 100, వైఫై 20. మొత్తం 690 వాట్లు. ఒక హెచ్‌పీ మోటరు 1100 కలిపితే 1790. ఆయన ఆగింది ఇక్కడే. ప్లేటు మీది మూడు కేవీఏను వాట్లలోకి మార్చడానికి 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో గుణిస్తే 2400 వాట్లు, కాబట్టి సరిపోతుందనే అనిపిస్తుంది. అసలు చూడాల్సిన కూడిక ఇది:

```
690 + 3300 = 3990
```

అన్ని వస్తువుల స్టార్టింగ్ వాట్లనూ కూడకూడదు. అలా కూడితే అవసరం లేని పెద్ద బండి కొని, రోజూ పెట్రోలు తగలేస్తారు. నడిచే వాట్లన్నీ కూడి, స్టార్టింగ్ మాత్రం అన్నిటికంటే పెద్ద మోటరు ఒక్కదానిదే వేసుకోవాలి. రెండు మోటర్లు ఒకే క్షణంలో లేవకుండా చూసుకునే బాధ్యత మనది.

దీనిపైన పది శాతం వెసులుబాటు ఉంచండి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఆ గాలికే ఇంజను బలం ఐదు శాతం దాకా తగ్గుతుంది, పైగా మే నెల ఎండ. అంటే దాదాపు 4400 వాట్లు. 5.5 కేవీఏను 0.8తో గుణిస్తే వచ్చేది సరిగ్గా అదే.

ప్లేటు మీద రేటెడ్, మాక్స్ అని రెండు అంకెలుంటే, మోటరు లేచే క్షణానికి మాక్స్ చూడండి. గంటల తరబడి నడిపే లోడ్ మాత్రం రేటెడ్ లోపలే ఉండాలి. మోటరు బాగానే లేచి, పావుగంట తర్వాత ట్రిప్ అవుతుంటే చాలాసార్లు కారణం ఇదే: ఎవరో గీజరో ఇస్త్రీపెట్టో వేసి ఉంటారు. వాటికి స్టార్టింగ్ ఉండదు కానీ నడిచే వాట్లే చాలా ఎక్కువ.

పరిష్కారం

5.5 కేవీఏ వద్దనుకుంటే వరుస మార్చండి. అన్నీ ఆపి మోటరు ఒక్కటే ముందు వేస్తే కావలసింది 3300, వెసులుబాటుతో 3630. దానికి ఐదు కేవీఏ చాలు. మోటరు లేచాక ఫ్యాన్లు, లైట్లు వేసుకోండి. ఫ్రిజ్ మాత్రం నీళ్లు ఎక్కేదాకా ఆపే ఉంచండి. దాని కంప్రెసర్ మనల్ని అడక్కుండా తనంతట తనే లేస్తుంది, అదే క్షణంలో మోటరు కూడా లేస్తే బ్రేకర్ మళ్లీ పడుతుంది. తలుపు తీయకపోతే ఆ అరగంటకు లోపలి పాలు విరిగిపోవు.

సంపు మోటరు కాకుండా బోరు మోటరైతే ఈ లెక్క సరిపోదు. లోతైన బోర్లలో కేబుల్ పొడవుకే వోల్టేజ్ పడిపోతుంది, హెచ్‌పీ కూడా ఎక్కువ. అక్కడ మోటరు ప్లేటు మీది ఆంపియర్లు చూసి విడిగా లెక్క కట్టుకోవాలి. పాత ఏసీ ఉన్నా దాని కంప్రెసర్‌ను పెద్ద మోటరుగానే లెక్కేయండి. ఇన్వర్టర్ ఏసీ నెమ్మదిగా వేగం అందుకుంటుంది కాబట్టి దానికి నడిచే వాట్లు వేసుకుంటే చాలు.