పిల్లల చలిబట్టలు: ఎక్కడ వదులు ఉండాలి, ఎక్కడ ఉండకూడదు

మిన్నెసోటాలో ఆగస్టులో దిగినవాళ్లకు చలిబట్టల సంగతి అక్టోబరు దాకా గుర్తుకు రాదు. అప్పుడు బడి నుంచి కబురొస్తుంది, జాకెట్, స్నో ప్యాంట్స్, స్నో బూట్స్, టోపీ, మిట్టెన్స్ రోజూ పంపమని. చలి మరీ ప్రమాదకరంగా ఉన్న రోజులు తప్పితే ఇక్కడ రీసెస్‌కి పిల్లల్ని బయటికే వదులుతారు. వాళ్లు మంచులో కూర్చుంటారు, దొర్లుతారు, ఒక్కోసారి తింటారు కూడా. అంటే కారు దిగి ఇంట్లోకి నడిచేటంతసేపు సరిపోయే బట్టలు చాలవు.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు ముందు చెప్తాను. మావాడికి అప్పుడు ఐదేళ్లు, ఎత్తు 43 అంగుళాలు. ఎలాగూ పెరుగుతాడు కదా అని సేల్‌లో 8 సైజు జాకెట్ కొన్నాను. మన ఊళ్లో యూనిఫాం కుట్టించేటప్పుడు రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టమని టైలర్‌కి చెప్తాం చూడండి, అదే లెక్క. కానీ జాకెట్ యూనిఫాం కాదు. చేతులు వేళ్ల మీదికి జారి వాడికి జారుడుబండ కమ్మీ పట్టు దొరికేది కాదు. కింది అంచు నుంచి గాలి దూరేది. ఒంటికీ బట్టకీ మధ్య కదలకుండా నిలిచిన గాలే వెచ్చగా ఉంచుతుంది, అది అడుగు వేసినప్పుడల్లా బయటికి పోతుంటే జాకెట్ ఎంత మందంగా ఉన్నా లాభం లేదు. చివరికి వాడు ఆ సైజుకు ఎదిగేలోపే జిప్ పోయింది.

సరైన లెక్క ఇలా ఉండాల్సింది. ఆ వయసు పిల్లలు ఏడాదికి రెండు, రెండున్నర అంగుళాలు పెరుగుతారు. ఈ అక్టోబరులో 43 ఉన్నవాడు వచ్చే అక్టోబరుకి సుమారు 45న్నర అవుతాడు. బ్రాండ్‌ని బట్టి కొంచెం మారినా, ఇక్కడి 6 సైజు దాదాపు 45 నుంచి 47 అంగుళాల ఎత్తుకి చేస్తారు. అంటే 6 కొంటే మొదటి చలికాలం కాస్త వదులుగా, రెండో చలికాలం సరిగ్గా సరిపోతుంది. ఒక్క సైజు పెద్దది చాలు. లేబుల్ మీద వయసు చూడకండి, ఎత్తు చూడండి. మన పిల్లల్లో సన్నగా ఉండేవాళ్లు ఎక్కువ కాబట్టి నడుము దగ్గర బిగించుకునే వీలుందా అన్నది కూడా చూసుకోవాలి.

షాపుకి వెళ్లేటప్పుడు పిల్లాడికి స్వెట్టర్ తొడిగి తీసుకెళ్లండి, దాని మీదే జాకెట్ వేసి చూడండి. చేతులు పైకెత్తితే మణికట్టు బయటపడకూడదు, కిందికి దించితే వేళ్లు మునిగిపోకూడదు. స్నో ప్యాంట్స్ వేసి గొంతుక్కూర్చోమనండి. భుజాల మీద పట్టీలుండే రకమైతే పొడవు సర్దుకోవచ్చు కాబట్టి రెండేళ్లు లాగుతుంది. కొన్ని జాకెట్లలో, ప్యాంట్లలో చేతుల చివర, కాళ్ల చివర లోపల రంగు దారంతో ఒక మడత కుట్టి ఉంటుంది. మరుసటి ఏడాది ఆ దారం తెంపితే అంగుళం, అంగుళంన్నర పొడవు వస్తుంది. టైలర్ మడతే అది, ఇక్కడ కంపెనీవాళ్లే వేసి ఇస్తారు.

ఒంటికి ఆనుకునే థర్మల్స్‌లో మాత్రం పెద్ద సైజు వద్దు. అవి ఒంటికి పట్టి ఉండాలి, లేకపోతే పైబట్ట కింద ముడతలు పడి పిల్లలు చిరాకు పడతారు. బూట్ల సంగతి ఇంకా జాగ్రత్త. లోపలి అట్ట బయటికి తీసి, మందపాటి సాక్స్ వేసిన కాలు దాని మీద పెట్టించండి. వేళ్ల ముందు పెద్దవాళ్ల బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉంటే సరి. అంతకంటే పెద్దవైతే నడకలో మడమ లేచి మంచు లోపలికి వస్తుంది. చలి ఎక్కువని రెండు సాక్స్ ఇరికిస్తే గాలికి చోటు లేక, రక్తం సరిగ్గా ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. బూట్లు కాస్త బిగుతయ్యాయంటే, చూడ్డానికి కొత్తవిగా ఉన్నా మార్చేయాల్సిందే.

ఇక దురద. ‘ఉన్ని గుచ్చుకుంటోంది’ అని పిల్లలు ఏడిస్తే మారాం అనుకోవద్దు. ముతక ఉన్ని పోగుల కొసలు నిజంగానే చర్మాన్ని పొడుస్తాయి. మెరీనో ఉన్ని పోగు చాలా సన్నం, చర్మానికి తగిలితే గుచ్చుకోకుండా వంగిపోతుంది. అందుకే థర్మల్స్‌కి అది హాయిగా ఉంటుంది, కాకపోతే ఖరీదు ఎక్కువ. పాలిస్టర్ థర్మల్స్ చవక, త్వరగా ఆరతాయి. మనకి అలవాటైన నూలు బనియన్ ఇంట్లో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. బయట ఆడి చెమట పడితే మాత్రం ఆ తడి ఒంటికి అంటుకుని వణికిస్తుంది. అమ్మమ్మ అల్లి పంపిన స్వెట్టర్ పక్కన పెట్టేయనక్కర్లేదు. మెడ దాకా వచ్చే పొడుగు చేతుల బట్ట లోపల వేసి దాని మీద వేయండి. మంకీ క్యాప్ లోపల గడ్డం దగ్గర ఒక మెత్తని గుడ్డ కుట్టించినా సరిపోతుంది.

అయితే దురదంతా బట్ట వల్లే కాదు. హీటర్ వేసిన ఇంట్లో గాలి బాగా పొడిబారుతుంది, చర్మం పగులుతుంది. బట్ట విప్పేశాక కూడా కాళ్ల మీద గోక్కుంటుంటే అది పొడిచర్మం. స్నానం చేసిన వెంటనే, ఒళ్లు కాస్త తడిగా ఉండగానే వాజ్‌లీన్ లాంటిది రాయండి. మెడ వెనకో నడుము దగ్గరో ఒకేచోట ఎర్రగా ఉంటే లేబులో, కుట్టో కారణం. లేబుల్ అంచుల దాకా కత్తిరించేయండి, సగం కోస్తే మిగిలిన మొండి ఇంకా ఎక్కువ గుచ్చుతుంది. ఒళ్లంతా ఉంటే బట్టలుతికే సబ్బు మార్చి చూడండి. ఉన్ని బట్టల్ని మాత్రం డ్రయర్‌లో వేయకండి. ఒకసారి వేశాను, ఆరేళ్లవాడి చొక్కా బొమ్మకి సరిపోయేలా బయటికొచ్చింది.

ఒకరు వాడిన బట్టలు వేయించాలా అని కొత్తగా వచ్చినవాళ్లు మొహమాటపడతారు. మన ఇళ్లలో పురిటిబిడ్డకి ముందు తొడిగేది పాత నూలుబట్టే కదా. పైగా పిల్లల బట్టలు చిరిగేలోపే పొట్టవుతాయి. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి సెప్టెంబరులో జాకెట్లు చేతులు మారుతూనే ఉంటాయి. పిల్లల పాత బట్టలు అమ్మే షాపుల్లో కూడా సెప్టెంబరులోనే చూడండి, మంచు పడ్డాక అందరూ అడిగే సైజులు మిగలవు.

తీసుకునే ముందు జిప్‌ని మిట్టెన్స్ తొడుక్కుని పైకీ కిందికీ నాలుగుసార్లు లాగండి, రేపు పిల్లాడు చేసేది అదే. పైన నాలుగు చుక్కలు నీళ్లు చల్లి చూడండి. ముత్యాల్లా జారితే మంచిది. ఇంకిపోతే నీళ్లు ఇంకకుండా చేసే మందు దొరుకుతుంది, దాంతో ఉతికితే చాలావరకు సరవుతుంది. కానీ లోపలి పక్క పూత పొరలు పొరలుగా రాలుతుంటే ఇక దానికి మందు లేదు, ఉచితంగా ఇచ్చినా వద్దు. బూట్లయితే అడుగు భాగం వంచి చూడండి, పగుళ్లుంటే నీళ్లు వస్తాయి. పాత జాకెట్ల టోపీకి లాగి కట్టే తాడు ఉంటే తీసి పారేయండి. జారుడుబండకో బస్సు తలుపుకో చిక్కుకుని మెడకి బిగుసుకునే ప్రమాదం ఉందని ఇక్కడ పిల్లల జాకెట్లకి ఆ తాళ్లు పెట్టడం మానేశారు.

మరో మాట, జాకెట్ ఎంత మంచిదైనా కార్ సీట్‌లో దాని మీద బెల్ట్ కట్టకండి. గుద్దుకున్నప్పుడు ఆ ఉబ్బు అణగిపోయి బెల్ట్ వదులవుతుంది. జాకెట్ విప్పి, బెల్ట్ కట్టి, జాకెట్‌ని ముందు నుంచి దుప్పటిలా కప్పండి.

లోపల పేరు రాయడం మర్చిపోవద్దు, వాడినవైతే ముందు పేరు కొట్టేసి రాయండి. మావాడి ఒంటి మిట్టెన్ ఒకటి ఇప్పటికీ బడిలో పోయిన వస్తువుల పెట్టెలోనే ఎక్కడో ఉండి ఉంటుంది.