స్టీలు సామాను వివరణ రాయడం – 3వ పాఠం: బాటిల్‌కి ‘గంటలు’ ఎలా వేయాలి

గత పాఠంలో టిఫిన్ బాక్సు చూశాం. ఈసారి వేడి నిలిపే బాటిల్. డబ్బా మీద ‘304 స్టీలు, 750 మి.లీ., లీక్ ప్రూఫ్, 24 గంటల వేడి’ అని ఉందనుకోండి. దాన్ని అలాగే దింపేయకుండా ఒక్కోటీ తేల్చుకుందాం.

304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 అనే మరో గ్రేడు స్టీలులో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. ఉప్పు, పులుపు తగిలితే దానికి తుప్పు మచ్చలు తొందరగా వస్తాయి. అయస్కాంతం అంటుకోకపోతే 304 అనేస్తుంటారు గానీ, మామూలుగా 202కీ అంటుకోదు. అందుకని తయారీదారు కాగితం చూసే గ్రేడు రాయండి. అందులో లోపలి గోడకే 304 అని ఉంటే ‘లోపలి గోడ 304’ అనే రాయాలి.

కొలతకి వంటింటి కాటా చాలు. మూత బిగిస్తే పొర్లని మట్టం వరకు నీళ్లు పోసి తూచండి. ఖాళీ బాటిల్ 340 గ్రాములు, నీళ్లతో 1,050 గ్రాములు ఉంటే పట్టేది 710 మి.లీ. 750 అన్నది అంచు దాకా లెక్క. రెండూ రాస్తే గొడవ ఉండదు.

లీక్ పరీక్ష వేడినీళ్లతోనే చేయాలి. లోపలి గాలి వేడెక్కి మూతను తోస్తుంది కాబట్టి, చన్నీళ్లకి కారని బాటిల్ కూడా అప్పుడు కారవచ్చు. పాత పేపరు మీద అరగంట అడ్డంగా పడుకోబెట్టండి. తడి కనిపిస్తే ముందు సిలికాన్ రింగు మెలిపడిందేమో చూడండి.

ఇక గంటలు. ఎంత వేడితో మొదలై ఎంత దగ్గర ఆగిందో చెప్పకపోతే ‘24 గంటలు’కి అర్థం లేదు. బాటిల్‌లో వేడినీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోసి, 95 డిగ్రీల నీళ్లు నిండుగా పోసి మూత బిగించండి. మధ్యలో తెరవొద్దు. గది 28 డిగ్రీలు, ఆరు గంటలకి నీళ్లు 68 డిగ్రీలు అనుకుందాం. గదికీ నీళ్లకీ తేడా 67 నుంచి 40కి, అంటే దాదాపు 60 శాతానికి దిగింది. మరో ఆరు గంటలకి ఆ 40 కూడా 60 శాతానికి, అంటే 24కి దిగుతుంది. దానికి గది వేడి 28 కలిపితే 52 డిగ్రీలు. కాఫీకి అది చల్లారినట్టే. సగమే నింపితే ఇంకా తొందరగా చల్లారుతుంది. ఒంటి గోడ బాటిల్‌కైతే గంటల ఊసే ఎత్తొద్దు.

ఈ బాటిల్‌కి వివరణ ఇది:

‘లోపలి గోడ 304 స్టీలు. మూత బిగించి వాడేటప్పుడు 710 మి.లీ. (అంచు వరకు 750). వేడినీళ్లతో అరగంట అడ్డంగా పెట్టినా కారలేదు. 28 డిగ్రీల గదిలో 95 డిగ్రీల నీళ్లు 6 గంటలకి 68 డిగ్రీలు; 12 గంటలకి సుమారు 52 (లెక్క ప్రకారం).’

అభ్యాసం: ఇదే బాటిల్‌లో ఐసు నీళ్లు పోసి ఆరు గంటల తర్వాత కొలవండి. చల్లదనం గంటలు వేడి గంటల కంటే ఎందుకు ఎక్కువ వస్తాయో వచ్చే పాఠంలో.