కాలేజీ యాన్యువల్ డేకి తెలుగు–ఇంగ్లిష్ యాంకరింగ్ స్క్రిప్ట్ ఎలా రాయాలి?

కాలేజీ ఫంక్షన్లలో ఎక్కువగా వినిపించే యాంకరింగ్ ఇలా ఉంటుంది. ఒకమ్మాయి "ఇప్పుడు మన ప్రిన్సిపాల్ గారు వార్షిక నివేదిక చదువుతారు" అంటుంది. పక్కనున్న అబ్బాయి వెంటనే "నౌ అవర్ ప్రిన్సిపాల్ విల్ రీడ్ ది యాన్యువల్ రిపోర్ట్" అంటాడు. హాల్లో సగానికి పైగా జనానికి రెండు భాషలూ అర్థమవుతాయి కాబట్టి వాళ్ళు ప్రతి మాటా రెండుసార్లు వినాల్సిందే. అరగంట గడిచేసరికి జేబుల్లోంచి ఫోన్లు బయటికొస్తాయి.

రెండు భాషల యాంకరింగ్ అంటే అనువాదం చేయడం కాదు. ఒక భాషలో మొదలుపెట్టిన విషయాన్ని రెండో భాష అక్కడి నుంచి ముందుకు తీసుకెళ్ళాలి. ఒక్క భాషే వచ్చినవాళ్ళకి కూడా స్టేజి మీద ఏం జరగబోతోందో తెలియాలి, రెండూ వచ్చినవాళ్ళకి విన్నదే మళ్ళీ విన్నట్టు ఉండకూడదు. స్క్రిప్ట్ రాసేటప్పుడు పడే కష్టమంతా ఇక్కడే.

గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ యాన్యువల్ డే అనుకుని, ఆ స్క్రిప్టునే రాసుకుంటూ వెళ్దాం.

1. ముందు కుర్చీలు చూసుకోండి

పెన్ను పట్టుకునే ముందు ఎవరు ఎక్కడ కూర్చుంటారో కనుక్కోండి. మన కాలేజీలో ముందు వరసల్లో అతిథులు, మేనేజ్‌మెంట్ వాళ్ళు ఉంటారు. వాళ్ళ వెనక తల్లిదండ్రులు. వీళ్ళలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళే, పెద్ద పెద్ద ఇంగ్లిష్ వాక్యాలు వాళ్ళకి ఎక్కవు. చివర్లో విద్యార్థులు, వాళ్ళలో బీహార్, ఒడిశా నుంచి వచ్చిన హాస్టల్ పిల్లలు కొందరు. తల్లిదండ్రులకు కావలసింది స్టేజి మీద ఉన్నది ఎవరో, ఏం చేస్తున్నారో తెలియడం. తెలుగు రాని పిల్లలకు కావలసింది చూస్తున్నది అర్థం కావడం. ఈ రెండు అవసరాలూ గుర్తుంటే ఏ మాట ఏ భాషలో పడాలో చాలావరకు తేలిపోతుంది.

తర్వాత కార్యక్రమాల వరుస తెచ్చుకోండి: జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, స్వాగతం, వార్షిక నివేదిక, ముఖ్య అతిథి ప్రసంగం, సత్కారం, బహుమతులు, సాంస్కృతిక కార్యక్రమాలు, వందన సమర్పణ, జాతీయ గీతం. వేదిక మీద కూర్చునేవాళ్ళ పేర్లు, హోదాలు, ఏ పేరు ముందు ఏది తర్వాత అన్నది ప్రిన్సిపాల్ ఆఫీసులో చూపించి, సరేననిపించుకున్నాకే స్క్రిప్టులోకి ఎక్కించండి. ఇక్కడ తేడా వస్తే మిగతాదంతా ఎంత బాగా చేసినా మాట పడక తప్పదు. ఆ వరుసను ఒక్కసారే, ఒక్క భాషలోనే చదవండి.

2. ఒక్కో ఐటమ్‌కి భాషలను పంచండి

ఇద్దరు యాంకర్లుంటే ఒకరికి తెలుగు, ఒకరికి ఇంగ్లిష్ అని పంచేస్తారు. ప్రతిధ్వని అక్కడే మొదలవుతుంది. ఇద్దరూ రెండు భాషలూ మాట్లాడాలి, ఐటమ్‌ని బట్టి ఏ భాష ముందుండాలో మారాలి. ఒకరికి ఇంగ్లిష్ అంతగా రాకపోతే వాళ్ళకి ఇంగ్లిష్‌లో చిన్న వాక్యాలే ఇవ్వండి, అంతేగాని పూర్తిగా తీసేయకండి.

ప్రారంభం, అతిథుల పరిచయం, తల్లిదండ్రులతో మాట్లాడే చోట్లు తెలుగులో నడిస్తే బాగుంటాయి. హోదాలు, డిగ్రీలు, అవార్డుల పేర్లు సర్టిఫికెట్ మీద ఉన్నట్టే ఇంగ్లిష్‌లో చదవాలి. వాటిని బలవంతంగా తెలుగు చేస్తే తీసుకునేవాళ్ళకే అర్థం కావు. తెలుగు నాటిక వేస్తుంటే, తెలుగు రానివాళ్ళ కోసం కథ ఎక్కడ మొదలవుతుందో ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు చెప్పండి. జోకు మాత్రం ముందే చెప్పేయకండి.

బహుమతుల దగ్గర కవిత్వం వద్దు. తెలుగులో ఒక్కసారి "చదువులో, ఆటల్లో ముందు నిలిచిన మీ పిల్లలకు ఇప్పుడు బహుమతులు" అని చెప్పి, ఆ తర్వాత విభాగం, పేరు, బ్రాంచి చదువుకుంటూ వెళ్ళిపోండి. ఒకరు మెట్లు ఎక్కుతుండగానే తర్వాతి పేరు పిలవాలి. లేకపోతే ఈ ఒక్క ఐటమే సాయంత్రాన్ని మింగేస్తుంది.

3. చప్పట్లు ఎక్కడ పడతాయో చూసి వాక్యం కట్టండి

యాంకరింగ్ స్క్రిప్టుల్లో దాదాపు ఎవరూ పట్టించుకోని విషయం ఇది. జనం పేరు వినగానే చప్పట్లు కొడతారు. ఇంగ్లిష్‌లో "ప్లీజ్ వెల్కమ్" అన్నాక పేరు వాక్యం చివర్లో వస్తుంది కాబట్టి సరిగ్గా కుదురుతుంది. తెలుగులో "డాక్టర్ ఫలానా గారిని వేదిక మీదకు సాదరంగా ఆహ్వానిస్తున్నాం" అంటే పేరు ముందే వచ్చేస్తుంది. చప్పట్లు మొదలవుతాయి, "సాదరంగా" నుంచి ఎవరికీ వినపడదు. యాంకర్ గొంతు పెంచి అరవాల్సి వస్తుంది, లేదా మధ్యలో ఆగిపోతుంది.

దీనికి రెండు దారులున్నాయి. తెలుగులోనే పిలుపు ముందు, పేరు చివర పెట్టొచ్చు: "వేదిక మీదకు రావలసిందిగా కోరుతున్నాం, డాక్టర్ ఫలానా గారూ!" లేదా పరిచయం తెలుగులో చేసి, చివరి పిలుపు ఇంగ్లిష్‌లో వేయండి. భాష మారడానికి ఇంతకన్నా సహజమైన చోటు దొరకదు.

ముఖ్య అతిథి ఇదే జిల్లాలో పుట్టి, శ్రీహరికోటలో సైంటిస్టుగా పనిచేసి రిటైరైన ఆవిడ అనుకుందాం. ఆవిడ దగ్గర్నుంచి మెయిల్లో రెండు పేజీల బయోడేటా వస్తుంది. అది చదవడం మొదలుపెడితే హాలు నిద్రపోతుంది. అందులోంచి మూడు సంగతులే తీసుకోండి: ఊరితో ఉన్న బంధం, చేసిన పని, ఈ రోజు ఎందుకు వచ్చారు.

> యాంకర్ 1: మన ముఖ్య అతిథి ఎక్కడో దూరం నుంచి వచ్చినవారు కాదు, ఈ జిల్లా ఆడపడుచే. పదో తరగతి దాకా ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో, తెలుగు మీడియంలోనే చదువుకున్నారు. ఆ బడి నుంచి రాకెట్లు ఎగిరే చోటికి వెళ్ళారు.
>
> యాంకర్ 2: షీ స్పెంట్ హర్ కెరీర్ యాజ్ ఎ సైంటిస్ట్ ఎట్ శ్రీహరికోట. దిస్ ఈవినింగ్, షీ ఈజ్ హియర్ టు టాక్ టు అవర్ స్టూడెంట్స్. ప్లీజ్ వెల్కమ్ అవర్ చీఫ్ గెస్ట్... డాక్టర్ (పేరు) గారు!

తెలుగులో చెప్పింది ఇంగ్లిష్‌లో మళ్ళీ రాలేదు. అయినా ఒక్క భాషే తెలిసినవాళ్ళకి కూడా వచ్చినావిడ ఎవరో సరిపడా తెలిసింది. ఇంగ్లిష్ వాక్యం చివర "గారు" ఉన్నా మన సభల్లో ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. "మిస్టర్ ఫలానా గారు", "సార్ గారు" లాంటివి మాత్రం కొట్టేయండి, ఒక పేరుకి ఒక మర్యాద చాలు.

4. డాన్స్ ఐటమ్‌కి ముందు ఏం చూడాలో చెప్పండి

"నెక్స్ట్ ఈజ్ ఎ వండర్‌ఫుల్ క్లాసికల్ డాన్స్" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఉదాహరణకు కూచిపూడి తరంగం ఉందనుకోండి. డాన్సరు ఇత్తడి పళ్ళెం అంచు మీద పాదాలు పెట్టి, పళ్ళేన్ని కదిలిస్తూ ఆడుతుంది. కృష్ణా జిల్లా పక్కనే ఉన్నాం కాబట్టి మనవాళ్ళు చాలామంది చూసే ఉంటారు. బీహార్ కుర్రాడికి ఆ పళ్ళెం ఎందుకో తెలియదు. అందుకే ఇక్కడ ఇంగ్లిష్ ముందు రావాలి.

> యాంకర్ 2: ఇన్ ది నెక్స్ట్ డాన్స్, వాచ్ హర్ ఫీట్. షీ విల్ స్టెప్ ఆన్ టు ది రిమ్ ఆఫ్ ఎ బ్రాస్ ప్లేట్, అండ్ షీ విల్ డాన్స్ ఆన్ ఇట్.
>
> యాంకర్ 1: పళ్ళెం జరుగుతుంది, తాళం జరగదు. కూచిపూడి తరంగంతో మీ ముందుకు వస్తోంది, సెకండియర్ ఈసీఈ నుంచి... (పేరు)!

ఇక్కడ చివరి పిలుపు తెలుగులో ఉన్నా పేరు ఆఖర్నే ఉంది. ఏ ఏడాది, ఏ బ్రాంచి అన్నది తప్పకుండా చెప్పండి. వెనక బెంచీల నుంచి ఈలలు వచ్చేది ఆ ముక్క దగ్గరే.

5. అతుకులు సరిచూసుకోండి

భాష మారేది వాక్యం అయ్యాకే. వాక్యం నడుమ మారితే "ఈ బ్యూటిఫుల్ పెర్ఫార్మెన్స్‌ని మనం విట్నెస్ చేద్దాం" లాంటివి పుడతాయి. స్టేజి, మైక్, గ్రూప్ డాన్స్ లాంటివి తెలుగు వాక్యంలో హాయిగా ఇమిడిపోతాయి. తెలుగు క్రియ ఉన్న చోట ఇంగ్లిష్ క్రియకి "చేద్దాం" తగిలిస్తేనే చెవికి గుచ్చుకుంటుంది. రాసినదాన్ని గట్టిగా చదివించి ఎవరైనా ఫ్రెండ్‌ని కళ్ళు మూసుకుని వినమనండి. భాష మారిన చోట చెయ్యెత్తమని చెప్పండి. ప్రతి వాక్యానికీ చెయ్యి లేస్తుంటే మార్పులు మరీ ఎక్కువైనట్టు. ఒక ప్రకటనలో ఒక్కసారి మారితే చాలు.

నోరు తిరగని మాటల్ని కార్డు మీదే విడగొట్టి రాసుకోండి: ప్ర–జ్వ–ల–న, ఫె–లి–సి–టేట్. టెన్షన్లో ఎక్కువగా దొర్లేవి ఇవే. ఒక కార్డుకి ఒక ఐటమ్, పెద్ద అక్షరాలు, పైన నంబరు పెట్టుకోండి. తెలుగు ఒక రంగు సిరాతో, ఇంగ్లిష్ ఇంకో రంగుతో రాస్తే మారే చోటు ముందే కనిపిస్తుంది. ఇంగ్లిష్ వాక్యాల్ని తెలుగు లిపిలో రాసుకున్నా తప్పేం లేదు, తడబడకుండా చదవడం ముఖ్యం.

పెన్‌డ్రైవ్‌లో పాట తెరుచుకోదు, అది ప్రతి ఏడాదీ ఉండేదే. అప్పటికి అరనిమిషం మాటలు రెండు మూడు విడి కార్డుల మీద ఉండాలి. "ఆర్ యూ ఎంజాయింగ్?", "వెనక నుంచి సౌండ్ రావట్లేదే!" అని పదిసార్లు అడిగితే నిజంగానే సౌండ్ రాదు. దానికన్నా "శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళు చేతులెత్తండి... కర్నూలు... అండ్ హూ కేమ్ ఫ్రమ్ అవుట్‌సైడ్ ఆంధ్రా?" అనడం మేలు. ఇది రెండు భాషల్లోనూ నడుస్తుంది, ఎంత సేపైనా సాగుతుంది, పాట వచ్చిన క్షణాన ఆపేయొచ్చు.

ఒక్కచోట మాత్రం ఒకే విషయాన్ని రెండు భాషల్లోనూ పూర్తిగా చెప్పండి. బస్సులు ఎన్నింటికి బయలుదేరతాయి, భోజనాలు ఎక్కడ, అమ్మాయిల హాస్టల్ గేటు ఎప్పటిదాకా తెరిచి ఉంటుంది అనే ప్రకటనలు అవి. అక్కడ సగం అర్థమైతే ఎవరో ఒకరు బస్సు మిస్సవుతారు. ఇవన్నీ వందన సమర్పణ కాగానే, జాతీయ గీతానికి ముందే అయిపోవాలి. 52 సెకన్లలో గీతం ముగియగానే జనం తలుపుల వైపు కదులుతారు, ఆ తర్వాత ఏ భాషలో చెప్పినా వినరు.