వానలకు ముందే: బీడీ తాగే పెద్దాయన, బొక్కల జాగ్రత్త

రెండు వానలు పడితే చాలు, వాకిట్లో షాబాద్ బండల మీద పాచి కడుతుంది. మా నల్లగొండ ఇంట్లో పోయినేడు మేనమామ జారిపడింది అక్కడే, తెల్లవారుజామున బాత్రూంకి పోతూ. అందుకే ఈసారి మృగశిర కార్తెకు ముందే ఇది రాస్తున్నా.

మామకు 67 ఏళ్లు, రోజుకు ఒక కట్ట బీడీలు. మోకాలి కింద పెద్ద ఎముక విరిగితే రాడ్ వేశారు. మామూలుగా నాలుగైదు నెలల్లో అతుక్కోవాల్సిన ఎముక అది. మూడో నెల ఎక్స్‌రేలో విరిగినచోట కొత్త ఎముక లేత మబ్బులా కనపడాలి. మామది మొదటి రోజు ఎట్లుందో అట్లే ఉంది.

"బీడీ బంద్ చేసినవా?" అన్నాడు డాక్టర్.

"రెండు మూడే, సారూ."

"పది," అంది అత్త.

రాడ్ ఎముకను పట్టుకుని ఉంటుందంతే, అతికించేది రక్తం. నికోటిన్ సన్న రక్తనాళాలను బిగిస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. కొత్త ఎముక కట్టే కణాలకు తిండి అందదు. ఆరో నెలలో కూడా కాలు మోపితే విరిగినచోటే నొప్పి. చివరికి తుంటి నుంచి కాస్త ఎముక తీసి పెట్టి మళ్లీ ఆపరేషన్ చేశారు. ఈసారి బీడీ నిజంగానే మానాడు, అతుక్కుంది. ఖైనీకి మారితే పరవాలేదనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, అందులోనూ ఉన్నది నికోటినే.

పొగ తాగేవాళ్ల ఎముక పడక ముందే పలుచబడుతుంది. దాన్ని చూసేది డెక్సా స్కాన్. అందులో ఎముక ఎంత దట్టంగా ఉందో చెప్పే నంబర్ టి-స్కోర్. అది మైనస్ 2.5 లేదా అంతకన్నా తక్కువైతే ఎముక గుల్లబారినట్టు. కానీ మన దగ్గర ఒక చిక్కుంది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగినవాళ్ల వెన్నెముక స్కాన్‌లో గట్టిగా కనపడుతుంది, లోపల మాత్రం పెళుసు. నంబర్ బాగుందని ధీమా పడొద్దు. ఏ నీళ్లు తాగి పెరిగారో, బీడీల లెక్కెంతో డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి.

ఇంటి పనులు చిన్నవే. బండల మీద బ్లీచింగ్ చల్లి కాసేపు ఉంచి గరుకు చీపురుతో రుద్ది కడగాలి, బాత్రూం దారిలో రాత్రంతా బల్బు వెలగాలి, పట్టుకోవడానికి గోడకు పైపు బిగించాలి. అరిగిన చెప్పులు పారేయండి, పెద్దాయన అలిగినా సరే.

అయినా పడితే? ఒక కాలు పొట్టిగా అయి, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగి ఉండొచ్చు. అట్లా కనపడకపోయినా, గజ్జల్లో నొప్పితో కాలు మోపలేకపోతే అదే అనుమానం పెట్టుకోవాలి. లేపి నిలబెట్టొద్దు, నూనె రుద్దొద్దు, నాటు కట్టు కట్టించొద్దు. పడుకోబెట్టే ఉంచి 108కి ఫోన్ చేయాలి. తుంటి ఆపరేషన్ ఒకటి రెండు రోజుల్లోనే అయితే మేలు. ఆస్పత్రికి పోయేటప్పుడు బట్టల సంచిలో బీడీ కట్ట, అగ్గిపెట్టె పెట్టకండి. మా ఇంట్లో పెట్టింది నేనే.