కుళ్లిన గుడ్డు వాసన: తప్పు కన్వర్టర్‌ది కాదు

ఒంగోలు నుంచి కావలి వెళ్లి కారు ఆపగానే సైలెన్సర్ దగ్గర కుళ్లిన గుడ్ల కంపు. మెకానిక్ చూడకుండానే, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలన్నాడు. అంత ఖరీదైన భాగాన్ని వాసన చూసి మార్చేస్తారా!

పెట్రోలులోని కొద్దిపాటి గంధకం కన్వర్టర్‌లో పేరుకుంటుంది. పొగలో ఆక్సిజన్ తగ్గి, మండని పెట్రోలు ఎక్కువైతే అదే హైడ్రోజన్ సల్ఫైడ్‌గా బయటికొస్తుంది. బీఎస్-6 పెట్రోలులో గంధకం 10 పీపీఎం మించకూడదు. అయినా నాసిరకం పెట్రోలేమోనని వేరే బంకులో పోయించాను. వాసన పోలేదు.

స్కానర్ పెడితే ఐడిల్‌లో ఫ్యూయల్ ట్రిమ్ మైనస్ 20 శాతం దాటింది. 2500 ఆర్‌పీఎంలో మైనస్ 5. అంటే పెట్రోలు ఎక్కువవుతోందని కంప్యూటర్ కోత పెడుతోంది, ఐడిల్‌లో మరీ ఎక్కువగా. ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌కు పంపే పర్జ్ వాల్వ్ మీద అనుమానం వచ్చింది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా వాల్వ్ కరెంటు ప్లగ్గు పీకి, ఆ ఆవిరిని పట్టి ఉంచే డబ్బా వైపు గొట్టం తీసి వాల్వ్ మూతి మీద వేలు పెట్టాను. మూసుకుని ఉండాల్సిన వాల్వ్ వేలిని లాగేసింది. ఇంజిన్ వైపు గొట్టాన్ని బిగించి మూస్తే ట్రిమ్ నెమ్మదిగా సున్నా వైపు వచ్చింది.

వాల్వ్ ఒక్కటే మార్చాను. పేరుకున్న గంధకం పోయేదాకా హైవే మీద కొన్నాళ్లు వాసన తగిలింది, తర్వాత ఆగిపోయింది. చాలాకాలం ఇలాగే నడిపితే మాత్రం కన్వర్టర్ వేడెక్కి లోపలి తేనెపట్టు లాంటి భాగం కరిగిపోవచ్చు. అప్పుడు మార్చక తప్పదు.