నిద్ర కొలుచుకుందాం – 2వ పాఠం: నోటుబుక్కు పక్కన స్కేలు

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. ఏడు రోజులపాటు రాత్రి లైటు ఎప్పుడు ఆర్పారో, సుమారుగా ఎప్పుడు నిద్ర పట్టిందో, పొద్దున ఎప్పుడు లేచారో నోటుబుక్కులో రాయమన్నాను. ఆ నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చోండి. రాయని వాళ్లు ఈ వారం రాసి, ఆ తర్వాత ఈ పాఠానికి రండి. ఈ రోజు చేసే లెక్కంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మా బ్యాచ్‌లో పదో తరగతి అమ్మాయి ఒకరున్నారు. వయసు 15. వాళ్లింట్లో వాళ్లను అడిగి ఆమె నోటుబుక్కునే ఇక్కడ తీసుకుంటున్నాను. మాది విజయవాడలో చిన్న షటిల్ కోచింగ్. అప్పట్లో పొద్దున బ్యాచ్ 5 గంటలకు మొదలయ్యేది. ఆ టైము పెట్టింది నేనే. కోర్టు చల్లగా ఉంటుంది, స్కూలు బస్సు వేళకు పిల్లలు ఇంటికి చేరతారు అనుకున్నాను. వాళ్లు ఎన్ని గంటలు నిద్రపోయి వస్తున్నారని చాలా ఏళ్లు ఒక్కరినీ అడగలేదు.

ఆమె నోటుబుక్కులో సోమవారం నుంచి శనివారం దాకా లెక్క దాదాపు ఒకేలా ఉంది. ట్యూషన్, హోంవర్కు అయ్యాక 11 గంటలకు లైటు ఆర్పడం, 11:20కి నిద్ర పట్టడం, 4:30కి అలారం. అంటే 5 గంటల 10 నిమిషాలు. ఆదివారం మాత్రం పొద్దెక్కేదాకా లేవకుండా 10 గంటలు పడుకుంది. ఆరు రోజులకు 31 గంటలు, ఆదివారం 10 కలిపితే 41. ఏడుతో భాగిస్తే రోజుకు 5 గంటల 51 నిమిషాలు.

13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం 2016లో సిఫారసు చేసింది. అది ఆటగాళ్ల కోసం ప్రత్యేకంగా చెప్పింది కాదు, ఆ వయసు పిల్లలందరికీ వర్తించే లెక్క. రోజుకు రెండు పూటలా ఆడేవాళ్లు 8 దగ్గర ఆగకుండా 9 వైపు చూడాలని నేనంటాను. 8 గంటలే పెట్టుకున్నా వారానికి 56 కావాలి. ఆమెకు 15 గంటలు తక్కువపడ్డాయి. దాదాపు రెండు రాత్రుల నిద్ర.

ఈ లెక్క చూపిస్తే ఆ అమ్మాయి చెప్పిన మాట ఇది: "అలవాటైపోయింది సార్. ఇప్పుడు నాకేం నిద్ర రావట్లేదు." ఆమె అబద్ధం చెప్పలేదు. స్కేలు అవసరం అక్కడే వస్తుంది.

2003లో అమెరికాలో పెద్దవాళ్ల మీద ఒక ప్రయోగం జరిగింది. కొందరిని రెండు వారాలపాటు రోజుకు 6 గంటలే పడుకోనిచ్చి, తెర మీద గుర్తు కనబడగానే బటన్ నొక్కే పరీక్ష రోజూ పెట్టారు. రోజులు గడిచేకొద్దీ తప్పిపోయే గుర్తులు పెరుగుతూనే పోయాయి. రెండు వారాలు తిరిగేసరికి వాళ్లు రాత్రంతా మేలుకున్న మనిషి స్థాయికి, కొన్ని కొలతల్లో రెండు రాత్రులు మేలుకున్న స్థాయికి దిగజారారు. కానీ మీకెంత నిద్ర వస్తోందని అడిగితే, మొదటి కొన్ని రోజుల తర్వాత వాళ్ల జవాబు పెద్దగా మారలేదు. ఒళ్లు ఫిర్యాదు చేయడం మానేస్తుంది, చెయ్యి మాత్రం ఆలస్యమవుతూనే ఉంటుంది. అందుకే 'నాకెలా ఉంది' అనే ప్రశ్నను పక్కనబెట్టి చేతిని కొలుద్దాం.

కావలసింది 30 సెంటీమీటర్ల స్కేలు, ఇంకో మనిషి. మీరు కుర్చీలో కూర్చుని, ఆట ఆడే చేతిని బల్ల అంచున ఆనించండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య రెండు వేళ్ల వెడల్పు ఖాళీ ఉంచండి. ఎదుటివాళ్లు స్కేలును పై చివర పట్టుకుని, సున్నా గీత సరిగ్గా మీ వేళ్ల మధ్యకు వచ్చేలా వేలాడదీయాలి. వదిలేముందు చెప్పకూడదు, 'ఒకటి, రెండు, మూడు' అనకూడదు. ఒకసారి రెండు సెకన్లు ఆగి, ఇంకోసారి ఐదారు సెకన్లు ఆగి వదలాలి. పడుతున్న స్కేలును మీరు పట్టుకోవాలి. బొటనవేలి పై అంచు ఏ గీత దగ్గరుందో రాయండి. స్కేలు మొత్తం జారిపోతే 'మిస్' అని రాయండి. ఇలా పదిసార్లు.

సెంటీమీటర్లను సమయంగా మార్చే సూత్రం తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో ఉన్నదే:

```
t = √(2d / g)
d = స్కేలు పడిన దూరం (మీటర్లలో), g = 9.8
```

లెక్క చేయకుండానే చూసుకోవాలంటే, 15 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే 175 మిల్లీసెకన్లు, 20 దగ్గరైతే 202, 25 దగ్గరైతే 226. 30 దాటి జారిపోయిందంటే 247 మిల్లీసెకన్లు గడిచినా చెయ్యి బిగుసుకోలేదన్నమాట.

ఈ పరీక్షకు కొన్ని లోపాలున్నాయి, అవి తెలియకుండా చేస్తే తప్పు నమ్మకం కలుగుతుంది. మొదటి రెండుమూడు రోజులు ఎవరికైనా అంకెలు మెరుగుపడతాయి, అది చేతికి వచ్చిన అలవాటు. అందుకే మూడు రోజులు ఊరికే సాధన చేసి ఆ అంకెలు వదిలేయండి. రోజూ ఒకే వేళకు, ఆటకు ముందే చేయండి. అంతకు ముందు రెండు మూడు గంటల్లో టీ, కాఫీ తాగొద్దు, కెఫీన్ నిద్రలేమిని కాసేపు కప్పేస్తుంది. ఇంకొకటి, ఇది రెండు నిమిషాల పరీక్ష. నిద్ర చాలని మనిషి కూడా రెండు నిమిషాలు పట్టుదలగా మనసు పెట్టగలడు. ప్రయోగశాలల్లో పది నిమిషాల పరీక్ష పెట్టేది ఆ పట్టు సడలేదాకా చూడటానికే. కాబట్టి స్కేలు బాగానే వచ్చింది కదా అని నిద్ర సరిపోతోందని తేల్చుకోవద్దు. స్కేలు చెడుగా వస్తే మాత్రం పట్టించుకోండి.

ఆ అమ్మాయి సాధన రోజులు అయ్యాక, ఒక గురువారం సాయంత్రం 5:30కి వచ్చిన అంకెలు ఇవి: 19, 21, 20, 24, మిస్, 22, 20, 28, 21, మిస్. పట్టుకున్న ఎనిమిదింటి సగటు దాదాపు 21.9 సెంటీమీటర్లు, అంటే 211 మిల్లీసెకన్లు. సగటు చూస్తే ఫరవాలేదనిపిస్తుంది. సగటును కాసేపు మరచిపోయి ఆ రెండు మిస్‌లను, ఆ 28ని చూడండి. నిద్ర తక్కువైన మెదడు అన్నిసార్లూ ఒకే మేర నెమ్మదించదు. మామూలుగా పనిచేస్తూ పనిచేస్తూ మధ్యలో ఒక్కసారి ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. ప్రయోగశాల పరీక్షలో అర సెకను దాటిన స్పందనను ఇలాంటి 'ఆరిపోవడం' కింద లెక్కిస్తారు.

కోర్టులో దీని అర్థం చూద్దాం. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ స్మాష్ వేగం 2023లో గంటకు 565 కిలోమీటర్లుగా రికార్డయింది. అది రాకెట్ నుంచి బయల్దేరిన క్షణంలోని వేగం. ఈకల కాక్ గాలిలో చాలా త్వరగా నెమ్మదిస్తుంది. మన స్థాయి ఆటలో కాక్ మీ దగ్గరికి వచ్చేసరికి సెకనుకు 20 మీటర్ల వేగంతో ఉందనుకుందాం. సగటులో 10 మిల్లీసెకన్ల తేడా అంటే కాక్ 20 సెంటీమీటర్లు ముందుకొచ్చేసింది, ఫ్రేముకు తగులుతుంది. అర సెకను ఆరిపోతే అదే లెక్కన 10 మీటర్లు. కోర్టు మొత్తం పొడవే 13.4 మీటర్లు. ఆ పాయింటులో మీరు లేనట్టే.

పాయింటు పోతే ఇంకోటి ఆడొచ్చు. వెనక మూలకు ఎగిరి ఒంటికాలి మీద దిగేటప్పుడు ఇలా జరిగితే కాలు బెణుకుతుంది. అమెరికాలో ఏడు నుంచి పన్నెండో తరగతి దాకా చదివే 112 మంది ఆటగాళ్ల నిద్రను, స్కూలు గాయాల రికార్డును పక్కపక్కన పెట్టి 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. 8 గంటల కన్నా తక్కువ పడుకునేవాళ్లకు గాయమయ్యే అవకాశం మిగతావాళ్ల కన్నా 1.7 రెట్లు ఉంది. వారానికి ఎన్ని గంటలు ఆడారు, ఎన్ని ఆటలు ఆడారు అన్నవాటితో గాయాలకు అలాంటి సంబంధం కనబడలేదు. నిద్ర ఎంతో పిల్లలే చెప్పారు, కొలవలేదు. తక్కువ నిద్రే గాయానికి కారణమని ఈ ఒక్క అధ్యయనం నిరూపించదు. నోటుబుక్కు ఇచ్చిన ఆ అమ్మాయికి కూడా ఆ ఏడాది కుడి కాలు రెండుసార్లు బెణికింది. నిద్ర వల్లేనని నేను చెప్పలేను. కానీ 5 గంటల నిద్రతో ఉన్న పిల్లను తెల్లవారుజామున జంప్ స్మాష్‌లు కొట్టమన్నది నేనే కాబట్టి, ఆ విషయం నన్ను వదల్లేదు.

కోలుకోవడం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఎదుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది నిద్రపట్టిన తొలి గంటల్లో వచ్చే గాఢనిద్రలో. అలారం 4:30కి మోగితే ఆ భాగం చాలావరకు మిగులుతుంది. తెగిపోయేది చివరి భాగం, కలలు ఎక్కువగా వచ్చే నిద్ర. పగలు నేర్చుకున్న కదలికలు గట్టిపడటంలో రాత్రి చివరి గంటలకూ పాత్ర ఉంది. నిన్న సాయంత్రం నేర్పిన ఫుట్‌వర్క్‌ను ఈ రోజు మళ్లీ మొదటి నుంచి నేర్పాల్సి వస్తుంటే, అలారం టైము చూడండి.

మరి తొందరగా పడుకోమంటే సరిపోదా? ఈ వయసులో సరిపోదు. యుక్తవయసులో ఒంటి గడియారం వెనక్కి జరుగుతుంది. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా మొదలవుతుంది. 9 గంటలకు మంచం ఎక్కిస్తే చీకట్లో కళ్లు తెరుచుకుని పడుకుంటారు. అది బద్ధకమో మొండితనమో కాదు. అందుకే పొద్దున వైపు కూడా జరపాలి. ఆస్ట్రేలియా మేటి ఈతగాళ్ల మీద చేసిన ఒక అధ్యయనంలో, తెల్లవారుజామున శిక్షణ ఉన్న రాత్రుల్లో వాళ్ల నిద్ర 5.4 గంటలే, సెలవు రాత్రుల్లో 7.1. ఒలింపిక్స్‌కు సిద్ధమవుతున్నవాళ్లే అలారానికి ముందు నిద్రను ముందుకు జరుపుకోలేకపోయారు.

మేం చేసింది ఇది. పొద్దున బ్యాచ్ 6 గంటలకు మార్చి, వారానికి మూడు రోజులకు తగ్గించాను. ఆ అమ్మాయి వాళ్లమ్మగారు ట్యూషన్ వాళ్లతో మాట్లాడి ఒక గంట ముందుకు జరిపించారు. పడుకునే టైమును ఒక్కసారిగా మార్చకుండా, మూడు రోజులకోసారి 15 నిమిషాలు ముందుకు తెచ్చాం. 11:20 నుంచి 10 గంటలకు రావడానికి మూడు వారాలకు కాస్త తక్కువ పట్టింది. ఇప్పుడు ఆట ఉన్న రోజుల్లో 10 నుంచి 5:30 దాకా, లేని మూడు రోజులూ 6:30 దాకా, ఆదివారం తొమ్మిదిన్నర గంటలు. మొత్తం 57 గంటల 30 నిమిషాలు, సగటున రోజుకు 8 గంటల 13 నిమిషాలు. ఆట రోజుల్లో ఇంకా అరగంట తక్కువే.

అలా రెండు వారాలు గడిచాక అదే వేళకు స్కేలు: 19, 20, 18, 21, 19, 20, 22, 19, 20, 18. సగటు 19.6, అంటే 200 మిల్లీసెకన్లు. 11 మిల్లీసెకన్లు తగ్గాయి. అందులో కొంత అలవాటు వల్ల కూడా కావచ్చు, ఒకరి అంకెలతో దాన్ని విడదీయలేం. నేను చూసింది ఇంకొకటి: మిస్‌లు లేవు, 22 దాటిన అంకె లేదు.

మీ వంతు. నోటుబుక్కులో ఏడు రోజుల గంటలు కూడి, 56లోంచి తీసేసి, ఆ తేడాను పేజీ పైన రాయండి. మూడు రోజుల సాధన అయ్యాక నాలుగు రోజులు స్కేలు పట్టి, సగటుతోపాటు అన్నిటికంటే పెద్ద అంకెను, మిస్‌లను విడిగా రాయండి. గంటలు సరిపోతున్నా పొద్దున లేవలేకపోతుంటే, లేదా గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతోందని ఇంట్లోవాళ్లు అంటే, స్కేలు పక్కనబెట్టి డాక్టరుకు చూపించండి. వచ్చే పాఠంలో మధ్యాహ్నం కునుకు: ఎంతసేపు, ఏ వేళకు, లేచాక ఎంతసేపటికి కోర్టులోకి దిగొచ్చు. ఆ పాఠానికి ఈ రెండు పేజీలూ కావాలి.